పెళ్లి కోసం తగ్గించి చెప్పిన జీతం

అమెరికాలో బాగా పేరున్న ఒక బిజినెస్ స్కూల్లో ఎంబీఏలో చేరిన విద్యార్థులకు మొదటి రోజే ఒక ఫారం ఇచ్చారు. చదువు పూర్తయ్యాక మొదటి ఏడాది ఎంత జీతం కోరుకుంటున్నారు, ఉద్యోగం కోసం నెలకు ఎన్ని రోజులు ఊళ్లు తిరగడానికి సిద్ధం, వారానికి ఎన్ని గంటలు పనిచేయగలరు, పైకి ఎదగాలన్న పట్టుదల ఎంత, నలుగురిని నడిపించే స్వభావం ఎంత అన్నవి అందులోని ప్రశ్నలు. ఇదేదో కాలక్షేపం సర్వే కాదు. ఆ జవాబులు చూసే కాలేజీ కెరీర్ సెంటర్ వాళ్లు వేసవి ఇంటర్న్‌షిప్‌కు ఎవరిని ఎటు పంపాలో ఆలోచిస్తారు. అక్కడి బిజినెస్ స్కూళ్లలో చాలామందికి ఆ ఇంటర్న్‌షిప్పే తర్వాతి ఉద్యోగానికి దారి. కాబట్టి ఎవరైనా మనసులో ఉన్నది ఉన్నట్టే రాస్తారని అనుకుంటాం.

అయితే ఫారాలు రెండు రకాలు. ఒకదాంట్లో మీ జవాబులను తరగతిలో చర్చిస్తామని ఉంది. రెండోదాంట్లో పేర్లు తీసేసి చర్చిస్తామని ఉంది. మిగతాదంతా ఒక్కటే. ఎవరి చేతికి ఏది వెళ్లాలన్నది లాటరీ వేసినట్టు నిర్ణయించారు. తన జవాబు తోటి విద్యార్థుల కంట పడుతుందని తెలిస్తే మనిషి మాట మారుతుందా, మారితే ఎవరి మాట మారుతుంది అన్నది తేల్చడమే ఉద్దేశం. చేసినవాళ్లు ముగ్గురు ఆర్థికవేత్తలు: షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన లియొనార్డో బర్స్‌టిన్, ప్రిన్స్‌టన్‌కు చెందిన థామస్ ఫుజివారా, హార్వర్డ్‌కు చెందిన అమాండా పాలెయిస్. వాళ్ల పరిశోధన 2017లో ‘అమెరికన్ ఎకనమిక్ రివ్యూ’లో అచ్చయింది.

పేరు బయటపడదని తెలిసినప్పుడు, ఇంకా ఎవరితోనూ జత కుదరని అమ్మాయిలు కోరిన జీతం సగటున ఏడాదికి 1,31,000 డాలర్లు. తోటివాళ్లు చూస్తారని తెలిసినప్పుడు అలాంటి అమ్మాయిలే కోరింది 1,13,000. ఒక్క వాక్యం మార్పుకు 18,000 డాలర్లు పోయాయి. నెలకు 14 రోజులు ప్రయాణం చేస్తామన్న చోట 7 రోజులే అన్నారు. వారానికి 52 గంటలు పనిచేస్తామన్న చోట 48కి దిగారు. పైకి ఎదగాలన్న పట్టుదలకూ, నాయకత్వ స్వభావానికీ తమకు తాము వేసుకున్న మార్కులు కూడా తగ్గాయి.

మగవాళ్ల జవాబులు మాత్రం మారలేదు. పెళ్లయిన, లేదా స్థిరమైన బంధంలో ఉన్న అమ్మాయిల జవాబులూ మారలేదు. ఈ ప్రయోగానికి ప్రాణం అక్కడే ఉంది. ఆడపిల్లలకు సహజంగానే నలుగురిలో బిడియం ఎక్కువ అనుకుంటే, పెళ్లయిన అమ్మాయిలకూ అది ఉండాలి కదా. అదే తరగతి, అదే ఫారం, అవే ప్రశ్నలు. జత ఇంకా వెతుక్కోవాల్సిన అమ్మాయి ఒక్కతే తన కోరికను కుదించి చెప్పింది.

ఎవరి కళ్లకు భయపడి కుదించింది అన్నది తేల్చడానికి వాళ్లు ఇంకో ప్రయోగం చేశారు. ఈసారి విద్యార్థులను చిన్న చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, రెండేసి ఉద్యోగాలు చూపించి ఏది కావాలో చెప్పమన్నారు. ఒకదాంట్లో జీతం ఎక్కువ, వారానికి 55 నుంచి 60 గంటల పని. ఇంకోదాంట్లో జీతం తక్కువ, 45 నుంచి 50 గంటల పని. అందరూ ఆడవాళ్లే ఉన్న బృందంలో, జత కుదరని అమ్మాయిల్లో 68 శాతం మంది జీతం ఎక్కువున్న ఉద్యోగమే కోరారు. మగవాళ్లు కూడా ఉన్న బృందంలో ఆ సంఖ్య 42 శాతం. ఇంకో ప్రశ్నలో తేడా మరీ పెద్దది. తరచూ ప్రయాణాలు చేయాలి, కానీ త్వరగా భాగస్వామి హోదాకు ఎదగొచ్చు అన్న ఉద్యోగాన్ని ఆడవాళ్ల బృందంలో 79 శాతం కోరుకున్నారు. మగవాళ్లు పక్కన ఉన్నప్పుడు 37 శాతమే. అదీ పెళ్లికాని మగవాళ్లు ఉన్నప్పుడే ఎక్కువ తగ్గింది.

ఇది ప్రయోగాల్లోనే కనిపించే సంగతి కాదు. అదే కాలేజీ మార్కుల రికార్డుల్లోనూ దీని జాడ ఉంది. పరీక్షల్లో, ఇంటి దగ్గర చేసి తెచ్చే లెక్కల్లో పెళ్లయిన అమ్మాయిలకూ కానివాళ్లకూ తేడా లేదు. ఎందుకంటే ఆ మార్కులు తోటివాళ్లకు తెలియవు. కానీ తరగతిలో లేచి మాట్లాడినందుకు ఇచ్చే మార్కుల్లో పెళ్లికాని అమ్మాయిలు వెనకబడ్డారు. బిజినెస్ స్కూళ్లలో తరగతి చర్చకు విలువ చాలా ఎక్కువ. జవాబు తెలిసి కూడా చెయ్యి ఎత్తకుండా కూర్చోవడం అంటే మార్కులు చేజేతులా వదులుకోవడమే. గతంలో జీతం పెంచమనో ప్రమోషన్ ఇమ్మనో అడగాలని ఉన్నా, మరీ ఆశపోతులా, దూకుడుగా కనిపిస్తామన్న భయంతో ఎప్పుడైనా వెనక్కి తగ్గారా అని ఆ విద్యార్థులను విడిగా అడిగితే, జత కుదరని అమ్మాయిల్లో 64 శాతం మంది అవునన్నారు. బంధంలో ఉన్న అమ్మాయిల్లో 39 శాతం, మగవాళ్లలో 27 శాతం.

ఈ అమ్మాయిలెవరూ చదువులో వెనకబడినవాళ్లు కారు. ఎంతో పోటీ తట్టుకుని, పెద్ద ఫీజులు కట్టి, మంచి ఉద్యోగం కోసమే అక్కడికి వచ్చినవాళ్లు. పెద్దలు కుదిర్చే పెళ్లిళ్ల ఒత్తిడి లేని దేశంలో, ఇంత తెలివైన అమ్మాయిలకే ఈ లెక్క తప్పలేదంటే విషయం ఎంత లోతుగా పాతుకుపోయిందో అర్థమవుతుంది.

మరి ఆ భయంలో నిజమెంత? మగవాళ్లు నిజంగానే అలా చూస్తారా?

కొంతవరకు చూస్తారనే తేలింది. 2006లో అచ్చయిన ఒక పరిశోధన కోసం కొలంబియా విశ్వవిద్యాలయంలో పీజీ విద్యార్థులతో స్పీడ్ డేటింగ్ నడిపారు. ఒక్కొక్కరితో నాలుగు నిమిషాలు మాట్లాడి, మళ్లీ కలవాలనుందో లేదో చెప్పాలి. రే ఫిస్మన్, షీనా అయ్యంగార్ తదితరులు ఆ జవాబులను విశ్లేషించారు. అమ్మాయిలో తెలివి, పట్టుదల అబ్బాయిలకు నచ్చాయి, కానీ తమకు ఉన్నంత వరకే. తమను దాటిందనిపించిన చోట అవి ఆమెకు కలిసిరాలేదు. అమ్మాయిలు అబ్బాయిలను చూసే చూపులో ఈ గీత లేదు.

మన దేశంలో ఈ ప్రశ్నను నేరుగా పెళ్లి సంబంధాల దగ్గరే అడిగిన పరిశోధకురాలు దివా ధర్. ఒక పెద్ద మ్యాట్రిమొనీ సైటులో ఆమె కల్పిత వధువుల ప్రొఫైళ్లు పెట్టారు. ముఖ్యమైన తేడా ఒక్కటే: ఈ అమ్మాయి ఉద్యోగం చేస్తోందా, పెళ్లయ్యాక కూడా చేయాలనుకుంటోందా, చేస్తే జీతమెంత. ఎన్నడూ ఉద్యోగం చేయని అమ్మాయికి 100 మంది మగవాళ్లు స్పందిస్తే, ఉద్యోగం కొనసాగిస్తానన్న అమ్మాయికి స్పందించింది 78 నుంచి 85 మంది. ఇందులో ఇంకో ముడి ఉంది. ఉద్యోగం చేసే అమ్మాయిల్లో జీతం ఎక్కువున్నవాళ్ల మీద, తక్కువున్నవాళ్ల మీద కన్నా కొంచెం ఎక్కువ ఆసక్తే కనిపించింది. అంటే అమ్మాయి తెచ్చే డబ్బు మీద పెద్దగా విముఖత లేదు. ఆమె ఉద్యోగాన్ని తనదిగా పట్టుకుని ఉండటం మీదే ఉంది.

తెలుగు ఇళ్లలో సంబంధాలు చూసేవాళ్లకు ఈ ముడి బాగా పరిచయం. ‘జాబ్ చేసే అమ్మాయే కావాలి’ అని అబ్బాయి తరఫువాళ్లు ఇప్పుడు ధైర్యంగానే అడుగుతున్నారు. హైదరాబాద్‌లో ఫ్లాటుకు ఈఎంఐ కట్టాలంటే రెండు జీతాలు కావాలి. అమెరికా సంబంధమైతే అమ్మాయి ఎంఎస్ చేసి ఉంటే ఇంకా మంచిదంటున్నారు. కానీ ఆ జీతం అబ్బాయి ప్యాకేజీకి ఒక మెట్టు కిందుండాలి, ఆ ఉద్యోగం అబ్బాయి ఉన్న ఊరికి కదిలిరావాలి, పిల్లలు పుట్టాక కొన్నాళ్లు ఆగిపోవాలి. ఈ మూడూ ఎవరూ కాగితం మీద రాయరు. అందరికీ తెలుసు.

ఒక బయోడేటా తీసి చూస్తే ఇది కనిపిస్తుంది. పైన శ్రీరస్తు, కింద పేరు, పుట్టిన తేదీ, సమయం, నక్షత్రం, పాదం, గోత్రం, ఎత్తు. తర్వాత చదువు, ఉద్యోగం. అబ్బాయి బయోడేటాలో ఈ వరసలో కంపెనీ పేరు, హోదా, ఏడాదికి ఎన్ని లక్షలు అన్నది స్పష్టంగా ఉంటుంది. రాబోయే ప్రమోషన్ కూడా మాటల్లో వచ్చేస్తుంది. అమ్మాయి బయోడేటాలో అదే వరసలో చాలాసార్లు ‘సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హైదరాబాద్’ అని ఆగిపోతుంది. టీమ్ లీడ్ అన్న మాట రాయాలా వద్దా అన్నది ఇంట్లో చర్చ అవుతుంది. ‘ప్యాకేజీ సంగతి ముందే రాయకండి, మాటల్లో చూసుకుందాం’ అని మధ్యవర్తి సలహా ఇస్తాడు. పెళ్లిచూపుల్లో ‘పెళ్లయ్యాక ఉద్యోగం చేస్తావా అమ్మా?’ అని అబ్బాయి తల్లి అడుగుతుంది. అమ్మాయి నోరు తెరిచేలోపే ‘అదేముందండీ, మీ ఇష్టం ఎలా ఉంటే అలా’ అని తండ్రి జవాబిచ్చేస్తాడు.

అమెరికా అమ్మాయి తన ఫారంలో తనే అంకె తగ్గించుకుంది. ఇక్కడ చాలాసార్లు అమ్మాయి తరఫున ఇల్లంతా కలిసి తగ్గిస్తుంది. ఆ తండ్రి చెడ్డవాడని కాదు. ఆయన ముందు ఒక గట్టి లెక్క ఉంది. అమ్మాయి చదువు, జీతం ఎంత పెరిగితే అంతకు మించిన అబ్బాయిని వెతకాలన్నది మన దగ్గర ఇంకా కదలని పట్టింపు. పై మెట్ల మీద అబ్బాయిలు తక్కువ. అలాంటి వాళ్ల కట్నం ఎక్కువ. 1961 నుంచి కట్నం నిషేధ చట్టం ఉన్నా ఆ లెక్క మాత్రం చెరగలేదు. కూతురు ఇంకో డిగ్రీ చదువుతానంటే తండ్రి గుండె ఝల్లుమనడానికి ఫీజు ఒక్కటే కారణం కాదు. ఆ డిగ్రీ తర్వాత వెతకాల్సిన సంబంధం కూడా ఆయన కళ్ల ముందు మెదులుతుంది.

ఈ ఒత్తిడి ఒక్కసారిగా వచ్చి పెద్ద నిర్ణయాన్ని బలి కోరదు. చిన్న చిన్న వాయిదాలుగా వస్తుంది. 26 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని ఊహించుకుందాం. మేనేజర్ పిలిచి పుణె ప్రాజెక్టులో లీడ్ బాధ్యత ఇస్తానన్నాడు. ‘సంబంధాలు చూస్తున్నాం కదమ్మా, ఇప్పుడు ఊరు మారితే ఎలా’ అంది అమ్మ. సరే, ఈ ఏడాదికి వద్దులే అనుకుంది. ఆ ఏడాది సంబంధం కుదరలేదు. ఆ ప్రాజెక్టుకు వెళ్లిన జూనియర్ ఆమెకన్నా ఒక మెట్టు పైకి వెళ్లాడు. మరుసటి ఏడాది ఆన్‌సైట్ అవకాశం వచ్చింది. పెళ్లిచూపులకు మనిషి ఇక్కడ ఉండాలి కదా అన్నారు. అదీ పోయింది. మూడో ఏడాది అప్రైజల్లో మేనేజర్ ‘ఈమెకు పెద్దగా ఎదగాలని లేదు’ అని రాసుకున్నాడు. ఆమె ఫైల్లో ఉన్నదాన్ని బట్టి చూస్తే ఆయన రాసింది అబద్ధమనీ అనలేం.

ఆ తర్వాత డాలస్‌లో ఉండే అబ్బాయితో పెళ్లి కుదిరిందనుకుందాం. అతను హెచ్-1బీ వీసా మీద ఉంటే ఆమె వెళ్లేది హెచ్-4 మీద. భర్త గ్రీన్ కార్డు దరఖాస్తులో ఐ-140 అనే మెట్టు ఆమోదం పొందడం లాంటి షరతులు తీరితేనే ఆమెకు అక్కడ ఉద్యోగం చేసే అనుమతికి అర్హత వస్తుంది. 2015కు ముందు ఆ వెసులుబాటూ లేదు. పెళ్లి కోసం ముందే నాలుగు మెట్లు దిగిన అమ్మాయి, పెళ్లి తర్వాత వీసా నిబంధన కింద ఇంకో నాలుగేళ్లు ఆగిపోవచ్చు. అప్పటికి ఆమె ఏం సాధించగలిగి ఉండేదో ఆమెకే గుర్తుండదు. అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

ఇంత తగ్గాక కాపురానికైనా అది మేలు చేస్తుందా అంటే, ఆ హామీ కూడా లేదు. స్వీడన్‌లో ఓలె ఫోల్కె, యొహానా రిక్నె అనే పరిశోధకులు ఎన్నికల్లో పోటీ చేసి మేయర్లు, ఎంపీలు అయినవాళ్ల కాపురాలను, ఓడినవాళ్ల కాపురాలతో పోల్చి చూశారు. ఆ పరిశోధన 2020లో అచ్చయింది. పదవి వచ్చిన ఆడవాళ్లలో విడాకుల అవకాశం రెట్టింపయింది. పదవి వచ్చిన మగవాళ్లలో ఏ మార్పూ లేదు. స్త్రీ పురుష సమానత్వానికి పేరుపడ్డ దేశంలో కూడా ఇదీ పరిస్థితి. ఇక్కడితో చదవడం ఆపేస్తే అమ్మలు చెప్పేది నిజమే అనిపిస్తుంది. కానీ ఇంకొంచెం లోపలికి వెళితే, విడిపోయినవి ఎక్కువగా భార్య వయసులో బాగా చిన్నదై, పిల్లల కోసం సెలవు దాదాపు ఆమే తీసుకున్న కాపురాలు. మొదటి నుంచీ సమానంగా సాగిన జంటల్లో భార్యకు పదవి వచ్చినా ఆ కుదుపు కనిపించలేదు.

దీన్నుంచి తెలిసేది స్పష్టంగానే ఉంది. తగ్గించి చూపిన అమ్మాయిని చూసి ముచ్చటపడి పెళ్లి చేసుకున్న మనిషికి, ఆమె అసలు ఎత్తు ఎప్పుడో ఒకప్పుడు కనిపించక మానదు. అప్పుడు అతను కూడా మోసపోయినట్టే భావిస్తాడు. పట్టుదల దాచి కుదుర్చుకున్న సంబంధం, ఆ పట్టుదలను భరించలేని మనిషినే వెతికి ఇంటికి తెస్తుంది. ‘నా ఉద్యోగం నేను మానను’ అన్న ఒక్క మాటకు వెనక్కి తగ్గిన 15, 20 మంది నిజానికి తప్పిపోయిన వరులు కారు. ముందుగానే తప్పుకున్న తగాదాలు. మిగిలిన 80 మందీ ఆ మాట విన్నాకే స్పందించారన్నది తల్లిదండ్రులు మరిచిపోతున్న సంగతి.

ఈ పరిశోధనలకు హద్దులున్నాయి. ఎంబీఏ ప్రయోగం జరిగింది ఒకే ఒక్క కాలేజీలో, జత కుదరని అమ్మాయిల సంఖ్య కూడా పెద్దది కాదు. డాలర్లలో వచ్చిన అంకెను గుంటూరుకో వరంగల్‌కో అతికించలేం. మ్యాట్రిమొనీ ప్రయోగంలో కొలిచింది మొదటి స్పందనే, పెళ్లి దాకా ఎందరు వచ్చేవారో అది చెప్పదు. అమ్మాయిలందరూ ఒకేలా ఉండరన్నదీ నిజమే. తక్కువ గంటల పని, ఊరు మారని ఉద్యోగం నిజంగానే కోరుకునేవాళ్లు ఉన్నారు, అందులో తప్పేమీ లేదు. అయితే ఆమెకు నిజంగా ఏది కావాలో తెలుసుకోవాలంటే, ఎవరూ చూడనప్పుడు ఆమె ఇచ్చే జవాబు కావాలి. ఆడపిల్లలకు ఆశ తక్కువని నలుగురి ముందు అడిగి తీర్పు చెప్పడం అన్యాయం.

కాబట్టి చేయదగ్గ పనులు పెద్దవేం కావు. కాలేజీ ప్లేస్‌మెంట్ అధికారి అయితే ఎవరికి ఏ ఉద్యోగం కావాలో క్లాసులో చేతులెత్తించి అడగకుండా విడిగా రాయించుకోవాలి. మేనేజరైతే ‘పుణె వెళ్తావా’ అన్న ప్రశ్నకు ఒకసారి వద్దన్న అమ్మాయిని మరుసటి ఏడాది మళ్లీ అడగాలి. వద్దనడానికి కారణం ఆ ఏడాది నడుస్తున్న సంబంధమే కావచ్చు. కొడుక్కి సంబంధం చూస్తున్న తల్లి, ఉద్యోగం చేస్తావా అని అమ్మాయిని అడిగే ముందు, భార్యకు బదిలీ అయితే నువ్వు వెళ్తావా అని కొడుకును అడగాలి.

ఇక కూతురి బయోడేటా రాయడానికి కూర్చున్న తండ్రికి ఒక విన్నపం. ఆమె హోదా, జీతం, చదవాలనుకుంటున్న డిగ్రీ ఉన్నవి ఉన్నట్టు రాయండి. ‘ఉద్యోగం విషయం మీ ఇష్టం’ అన్న వాక్యం మీ నోటి నుంచి రాకముందే ఆమెను పక్కకు పిలిచి, అమ్మ కూడా లేకుండా చూసి, నీకేం కావాలమ్మా అని అడగండి. ఆమె చెప్పిన జవాబే అవతలివాళ్లకు చెప్పండి.